అడాపలీన్ మొదలుపెట్టి 19 రోజులు: ఆపేయాలా, ఇంకా ఆగాలా? ఫొటోలు చూస్తే భయమేస్తోంది

లహరి_కృష్ణలంక · జనవరి 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు, మాది విజయవాడ. బుగ్గల మీదా నుదుటి మీదా మొటిమలు వస్తుంటే స్కిన్ డాక్టర్ గారు అడాపలీన్ 0.1 శాతం జెల్ రాశారు. డిసెంబర్ 20న మొదలుపెట్టాను. రాత్రి ముఖం కడిగి, తడి ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాస్తున్నాను. మొదటి వారం రోజు మార్చి రోజు, తర్వాత నుంచి ప్రతి రాత్రీ. పగలు సన్‌స్క్రీన్.

మొదలుపెట్టిన రోజు ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను. ఇవాళ ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఏడుపొచ్చింది. ఇవాళ్టి ఫొటోలో మొటిమలు ఎక్కువ, ఎరుపు ఎక్కువ, గడ్డం దగ్గర పొట్టు కూడా లేస్తోంది. సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాలి. చుట్టాలంతా ముఖం చూసి ఏమంటారో అని టెన్షన్. జెల్ నాకు పడలేదని ఆపేయాలా? పడిందో లేదో తేలాలంటే అసలు ఎన్నాళ్లు చూడాలి?

నల్గొండ_శ్రీను · జనవరి 8, రాత్రి 11:05

లహరి గారూ, చర్మం పై పొర మారడానికి 28 రోజులు పడుతుంది. కాబట్టి ఏ క్రీమైనా 28 రోజులు వాడి చూడాలి. అప్పటికీ తేడా లేకపోతే అది మీకు పనిచేయదన్నమాట. నేను అన్నిటికీ ఇదే లెక్క పాటిస్తాను. ఇంకో 9 రోజులు ఆగండి.

గుంటూరు_సుజాత · జనవరి 9, ఉదయం 6:50

అమ్మా, నేనైతే ముఖం కడిగాక 20 నిమిషాలు ఆగి జెల్ రాసి, ఇంకో పది నిమిషాలు ఆగి మాయిశ్చరైజర్ రాస్తాను. అంతకంటే ఎక్కువ ఆగక్కర్లేదు. తడి మీద రాస్తే మంట పుడుతుంది.

లహరి_కృష్ణలంక · జనవరి 9, ఉదయం 8:15

సుజాత గారూ, థాంక్స్ అండి. నేనడిగింది ఒకదాని తర్వాత ఒకటి రాయడానికి ఎంతసేపు ఆగాలని కాదు. మందు పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఎన్ని వారాలు పడుతుందని. అయినా తడి ఆరాక రాయాలన్న మాట నాకు పనికొచ్చింది, ఒక్కోసారి తొందరలో తడి మీదే రాసేస్తున్నాను.

పద్మజ_విశాఖ · జనవరి 9, మధ్యాహ్నం 1:20

లహరీ, నేను చర్మ వ్యాధుల విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. కొత్త మందుల పరీక్షల్లో పాల్గొనే వాళ్ల ముఖాల ఫొటోలు తీయడం, మొటిమలు లెక్కపెట్టి రాయడం నా పని. డాక్టర్ని కాను. నీ మందు మార్చాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టర్ గారే చెప్పాలి. ఆగాల్సిన గడువు గురించీ ఫొటోల గురించీ నాకు తెలిసింది చెబుతాను.

మొటిమల మందులకి మేము పెట్టుకునే గడువు 12 వారాలు. మధ్యలో 4, 8 వారాలకి చూసేవాళ్లం, కానీ తీర్పు 12కే. ఎందుకంటే ఇవాళ నీ బుగ్గ మీద లేచిన మొటిమ ఇవాళ పుట్టింది కాదు. రంధ్రం లోపల మూసుకుపోవడం కొన్ని వారాల కిందే మొదలై ఉంటుంది, అప్పుడది కంటికి కనపడదు. అడాపలీన్ చేసే పని ఆ మూసుకుపోవడాన్ని ఆపడం. అంటే జెల్ ఎంత బాగా పనిచేసినా, ముందే లోపల తయారై ఉన్నవి పైకి వస్తూనే ఉంటాయి. మొదటి నెలలో నువ్వు చూస్తున్నది ఎక్కువగా ఆ పాత సరుకే.

శ్రీను చెప్పిన 28 రోజులు పై పొర సంగతి వరకు దాదాపు సరే, అదీ వయసులో ఉన్నవాళ్లకి. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. కానీ ఒక పొర మారినంత మాత్రాన మందు ఫలితం తేలదు. అన్ని క్రీములకీ ఒకే గడువు కూడా కుదరదు. మాయిశ్చరైజర్ అయితే వారం పది రోజుల్లో బిగుతు తగ్గిందో లేదో నీకే తెలిసిపోతుంది. మచ్చల మీద వాడేవాటికి మూడు నెలలు కూడా తక్కువే. సన్‌స్క్రీన్‌ని ఫొటోతో తేల్చడం అసలు కుదరదు, అది రాకుండా ఆపిన మచ్చ ఏ ఫొటోలోనూ కనపడదు.

ముందు రెండు విషయాలు చెప్పు. ఆ రెండు ఫొటోలు ఎక్కడ, ఏ కెమెరాతో, ఏ వెలుతురులో తీశావు? డిసెంబర్ 20, జనవరి 8 నీ నెలసరిలో ఎన్నో రోజులు?

లహరి_కృష్ణలంక · జనవరి 9, సాయంత్రం 6:30

అక్కా, మొదటిది బాత్రూంలో ట్యూబ్‌లైట్ కింద, ముందు కెమెరాతో సెల్ఫీ. రెండోది నిన్న పొద్దున హాల్లో కిటికీ పక్కన నిలబడి, వెనక కెమెరాతో మా చెల్లి తీసింది.

నెలసరి గురించి ఆలోచించనే లేదు. లెక్క చూస్తే డిసెంబర్ 20 అప్పుడు ఆరో రోజు. నిన్న 25వ రోజు. ఇంకో మూడు నాలుగు రోజుల్లో రావాలి. నాకు మామూలుగానే ముందు వారంలో మొటిమలు ఎక్కువ.

పద్మజ_విశాఖ · జనవరి 9, రాత్రి 9:10

ఇదే అనుకున్నాను. నెల మొత్తంలో ముఖం బాగుండే రోజున మొదటి ఫొటో, బాగా లేని రోజున రెండో ఫొటో. జెల్ వాడకపోయినా ఆ రెండిట్లో తేడా ఉండేది. నీకు నెలసరి 28 రోజులకి వస్తుంటే 28 రోజులకొకసారి, అదే ఆరో రోజున తీసిన ఫొటోలనే పోల్చుకో. జనవరి 17, ఫిబ్రవరి 14, మార్చి 14. మూడోది సరిగ్గా 12 వారాలు అవుతుంది. నెలసరి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఫొటో కూడా దాంతో పాటే జరపాలి, తేదీని పట్టుకుని కూర్చోకు.

పొట్టు లేవడం, కొంచెం మంట మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లో ఎక్కువగా ఉండి తర్వాత సద్దుమణుగుతాయి. ఓర్చుకోలేకపోతే డాక్టర్ గారికి ఫోన్ చేసి మళ్లీ రోజు మార్చి రోజుకి తగ్గించవచ్చా అని అడుగు. మొటిమ కనపడిందని దాని మీద అదనంగా జెల్ పెట్టకు. అయితే కనురెప్పలు వాచినా, నీరు కారినా, దురద దద్దురుగా పాకుతూ ఉన్నా, మంట గంటల తరబడి తగ్గకపోయినా 12 వారాల మాట మర్చిపోయి, జెల్ ఆపి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. అలాంటివి రాసిన వెంటనే రాకుండా రెండో రోజో మూడో రోజో మొదలవ్వచ్చు. పనితనం తేలడానికే గడువు కావాలి, పడకపోతే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

స్టూడియో_వెంకట్ · జనవరి 10, ఉదయం 9:30

రాజమండ్రిలో పెళ్లి ఫొటోలు తీస్తానండి, చర్మం గురించి నాకేం తెలియదు. కానీ ఆ రెండు ఫొటోలు పోల్చకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. ముందు కెమెరాల్లో చాలా ఫోన్లకి బ్యూటీ మోడ్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. అది మొటిమలని తుడిచేస్తుంది. లహరి గారి మొదటి ఫొటోలో సగం మొటిమలు ఫోనే చెరిపేసి ఉండొచ్చు.

రెండోది, కిటికీ పక్కనుంచి వచ్చే వెలుతురు. పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి పొంగుకీ ఒక నీడ పడుతుంది. అందుకే పెళ్లికూతురికి మేము లైటు ఎదురుగా పెడతాం. ఇవాళ రాత్రి ఒక పని చేయండి. ఒకే పది నిమిషాల్లో ఒక ఫొటో ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా, ఇంకొకటి టేబుల్ లైటు పక్కన పెట్టుకుని తీసి చూడండి.

లహరి_కృష్ణలంక · జనవరి 10, రాత్రి 10:15

వెంకట్ గారూ, చేశాను. నాకు నమ్మబుద్ధి కాలేదు. పది నిమిషాల తేడాలో తీసిన రెండు ఫొటోల్లో ఇద్దరు వేరే మనుషుల్లా ఉన్నాను. పక్క లైటు ఫొటోలో బుగ్గంతా గుంటలూ పొంగులూ. ఎదురు లైటులో మచ్చలు మాత్రం కనపడుతున్నాయి. ముందు కెమెరాలో బ్యూటీ ఆన్‌లోనే ఉంది, ఎప్పటి నుంచి ఉందో కూడా తెలియదు.

అయితే ఇక మీదట ఎక్కడ తీయాలి?

స్టూడియో_వెంకట్ · జనవరి 11, ఉదయం 7:45

కిటికీకి ఎదురుగా నిలబడండి, ఎండ నేరుగా పడని కిటికీ అయితే మంచిది. వెనక కెమెరా వాడండి. ఫోన్ మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదిగా, బుగ్గలు వెనక్కి పోయినట్టు వస్తాయి. మీటరు దూరంలో పెట్టి 2x లో తీయండి. తెర మీద ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు, ఫోకస్ లాక్ అవుతాయి. ఫ్లాష్ వద్దు.

పద్మజ_విశాఖ · జనవరి 11, మధ్యాహ్నం 12:40

వెంకట్ గారు చెప్పిన మిగతావన్నీ సరే. కిటికీ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. జనవరి పొద్దున వెలుతురు, మార్చి పొద్దున వెలుతురు ఒకటి కావు, మబ్బు పట్టినా మారిపోతుంది. ఆసుపత్రిలో మేము కిటికీలు మూసి, కదలని లైట్లతో తీసేవాళ్లం. ఇంట్లో అయితే రాత్రి కర్టెన్లు వేసి, ఒకే గదిలో, ఒకే లైటు కింద, నేల మీద టేపు ముక్క అంటించి అక్కడే నిలబడడం మేలు.

గడ్డం కింద ఒక తెల్ల కాగితం పట్టుకో. మామూలు ప్రింటర్ కాగితం చాలు. తర్వాత రెండు ఫొటోల్లో ముందు కాగితాన్ని చూడు. ఒకదాంట్లో తెల్లగా, ఇంకోదాంట్లో పసుపుగా ఉంటే ఆ జతలో ఎరుపు తగ్గిందా, మచ్చ పల్చబడిందా అని చూడడం దండగ, రంగు ఫోన్ మార్చింది.

ముఖం కడిగి 20 నిమిషాలు ఆగాక తీయాలి, కడగగానే ఎవరి ముఖమైనా ఎర్రగానే ఉంటుంది. జుట్టు వెనక్కి కట్టి, ఏమీ రాయకుండా. ఎదురుగా ఒకటి, ఎడమకి సగం తిరిగి ఒకటి, కుడికి సగం తిరిగి ఒకటి. మూడు చాలు.

స్టూడియో_వెంకట్ · జనవరి 11, మధ్యాహ్నం 2:05

పద్మజ గారూ, మూడు నెలల మాటైతే మీరన్నదే నిజమేనేమో. కానీ ఇళ్లలో ట్యూబ్‌లైట్ నెత్తి మీద ఉంటుంది, కళ్ల కిందా గడ్డం కిందా నీడ పడుతుంది. లైటు ముఖానికి ఎదురుగా వచ్చే గోడ వెతుక్కోవాలి. మంచి వెలుతురు దొరక్కపోతే నేనైతే కిటికీయే అంటాను.

పద్మజ_విశాఖ · జనవరి 11, మధ్యాహ్నం 2:50

నీడ పడినా పర్వాలేదు, ప్రతిసారీ అదే నీడ పడితే చాలు. మనకి అందమైన ఫొటో అక్కర్లేదు కదా.

లహరీ, ఇంకొక్క మాట. ఫొటోని నమ్ముకుని లెక్క వదిలేయకు. ఎదురు లైటు ఫొటోలో పొంగిన మొటిమా, మానిపోయి మిగిలిన మచ్చా ఒకేలా కనపడతాయి. ఫొటో తీసిన రాత్రే అద్దం ముందు వేలితో మెల్లగా తడిమి, చేతికి తగిలేవి ఎన్నో నోట్‌బుక్‌లో రాయి. నుదురు, కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, గడ్డం విడివిడిగా. తగలకుండా రంగు మాత్రమే ఉన్నవి వేరే గడిలో. గిల్లకు.

మహేష్_మియాపూర్ · జనవరి 11, రాత్రి 11:55

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది కూడా ఇలాంటిదే అనుకుంటున్నాను. నుదుటి మీద చిన్న చిన్న గింజలు, అన్నీ ఒకే సైజు, బాగా దురద. బైక్ మీద రోజూ గంటన్నర హెల్మెట్. మెడికల్ షాపులో అడిగి మొటిమల జెల్ తెచ్చుకుని నాలుగు నెలలు ఓపిక పట్టాను. ఫొటోలు కూడా ఉన్నాయి, ఏ మార్పూ లేదు. నేను ఇంకా ఆగాలా?

పద్మజ_విశాఖ · జనవరి 12, ఉదయం 8:30

మహేష్, నువ్వు ఆగాల్సినదానికంటే ఎక్కువే ఆగావు. ఒకే సైజులో ఉండి బాగా దురద పెట్టే గింజలు చాలాసార్లు మొటిమలు కావు. చెమట పట్టే చోట ఒక రకం ఫంగస్ వల్ల వెంట్రుక కుదుళ్లలో వస్తాయి. అదే అయితే మొటిమల జెల్ ఏడాది రాసినా పెద్దగా ఫలితం ఉండదు. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు. నాలుగు నెలల ఫొటోలూ చూపించు, మారకపోవడం కూడా వాళ్లకి ఒక ఆధారమే.

గుంటూరు_సుజాత · జనవరి 12, ఉదయం 10:20

మొన్న ప్రశ్న సరిగా చదవలేదు, ఏమనుకోకమ్మా. మా అమ్మగారి సంగతి చెబుతాను. ఆవిడకి రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు. ఎవరో చెబితే షాపులో ఒక క్రీమ్ తెచ్చి రాసుకున్నారు. వారంలోనే ముఖం తెల్లబడింది, మేమంతా భలే పనిచేసిందనుకున్నాం. ఆరు నెలలు వాడి ఆపితే ముఖమంతా ఎర్రబడి మంట, మచ్చలు మునుపటికంటే నల్లగా. డాక్టర్ గారు ట్యూబ్ చూసి స్టెరాయిడ్ అన్నారు. అందుకే త్వరగా ఫలితం కనపడితే నాకు ఇప్పుడు భయం.

పద్మజ_విశాఖ · జనవరి 12, మధ్యాహ్నం 1:10

సుజాత గారూ, మీ అమ్మగారికి జరిగింది వింటే బాధేసింది. ఇలాంటి ముఖాలు మా దగ్గరికి వారానికి ఎన్నో వచ్చేవి. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చారు, అయినా చీటీ లేకుండా కొనేవాళ్లు ఉన్నారు. ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు ఉంటే డాక్టర్ చెప్పకుండా ముఖానికి రాయొద్దు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేయకుండా డాక్టర్ని అడిగి ఆపాలి.

డాలస్_రవళి · జనవరి 13, ఉదయం 6:15

ఇక్కడ అమెరికాలో 2016 నుంచి అడాపలీన్ 0.1 శాతం చీటీ లేకుండానే దొరుకుతుంది. అందుకే నన్ను ఆగమని చెప్పేవాళ్లే లేకపోయారు. రెండుసార్లు నాలుగో వారంలో ఆపేశాను. మూడోసారి పట్టుబట్టి వాడితే పదో వారం దగ్గర కొత్తవి రావడం తగ్గింది. లహరీ, ఇది చర్మంలోని చెత్తంతా బయటికి తోసే దశ. ఎంత ఎక్కువ వస్తే అంత బాగా పనిచేస్తున్నట్టు.

పద్మజ_విశాఖ · జనవరి 13, ఉదయం 9:00

రవళీ, చివరి మాట దగ్గర జాగ్రత్త. మొదట్లో కొందరికి ఎక్కువవుతాయి, చాలామందికి అవ్వవు. అయినవాళ్లకే బాగా నయమవుతుందని నేను తీసిన ఫొటోల్లో ఎప్పుడూ కనపడలేదు. ఎప్పుడూ మొటిమలు రాని చోట, మెడ మీదో కళ్ల పక్కనో కొత్తగా వస్తుంటే దాన్ని మంచి గుర్తు అనుకుని భరించకూడదు. లహరికి వస్తున్నవి పాత చోట్లలోనే కాబట్టి ఆగమంటున్నాను.

ఒకటి అడగడం మర్చిపోయాను. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, వచ్చిందని అనుమానం ఉన్నా ఈ జెల్ సంగతి డాక్టర్ గారికి ముందే చెప్పాలి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెబుతున్నాను.

లహరి_కృష్ణలంక · జనవరి 18, రాత్రి 9:50

సంక్రాంతికి ఊరు వెళ్లొచ్చాను. పెద్దమ్మ ముఖం చూసి అడిగింది, మందు వాడుతున్నాను, మార్చి దాకా టైముందని చెప్పాను. ఆవిడ ఇంకేం అనలేదు.

నెలసరి ఒక రోజు ఆలస్యమైంది, అందుకే ఇవాళ తీశాను. బెడ్‌రూంలో బీరువాకి ఎదురు గోడ, టేపు అంటించాను. చేతికి తగిలేవి నుదురు 9, కుడి బుగ్గ 8, ఎడమ బుగ్గ 5, గడ్డం 4. మొత్తం 26. మచ్చలు 30 పైనే, లెక్క తప్పాను. డిసెంబర్ సెల్ఫీలో లెక్కపెడితే 20 దాకా కనపడుతున్నాయి. అంటే పెరిగినట్టేనా?

పద్మజ_విశాఖ · జనవరి 19, ఉదయం 8:05

చెప్పలేం. బ్యూటీ మోడ్ ఎన్ని చెరిపిందో తెలియదు, ఆ రోజు చేతితో లెక్కపెట్టలేదు. ఆ ఫొటో పక్కన పెట్టేసి ఈ 26ని మొదటి లెక్కగా రాసుకో. నెల పోయినా ఇక మీదట లెక్క గట్టిగా ఉంటుంది. మధ్యలో రోజూ ఫొటోలు తీసి చూసుకోకు.

లహరి_కృష్ణలంక · ఫిబ్రవరి 15, రాత్రి 10:30

ఎనిమిది వారాలు. పొట్టు పూర్తిగా ఆగింది. కానీ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ముఖం అలాగే ఉంది, అదే నలుపు, అవే చుక్కలు. కాగితం రెండిట్లోనూ తెల్లగానే ఉంది. అమ్మ కూడా ఏం తేడా లేదంది. నిజంగా నిరాశగా ఉంది అక్కా.

పద్మజ_విశాఖ · ఫిబ్రవరి 15, రాత్రి 10:55

చేతికి తగిలేవి ఎన్ని?

లహరి_కృష్ణలంక · ఫిబ్రవరి 15, రాత్రి 11:20

ఇప్పుడే లెక్కపెట్టాను. నుదురు 5, కుడి 6, ఎడమ 4, గడ్డం 3. మొత్తం 18! ఫొటోలో చూస్తే అస్సలు తెలియలేదు. తగ్గిన చోటల్లా మచ్చ మిగిలింది.

పద్మజ_విశాఖ · ఫిబ్రవరి 16, ఉదయం 7:40

అందుకే నోట్‌బుక్ అడిగాను. 26 నుంచి 18 అంటే కొత్తవి రావడం తగ్గుతోంది. మానిన మొటిమల గుర్తులు మన రంగు చర్మం మీద నెలల తరబడి ఉంటాయి, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ కాలం. ఎనిమిది వారాల దగ్గర చాలామంది ఈ గుర్తులని చూసే మందు ఆపేస్తారు. మార్చిలో విజయవాడ ఎండలు మొదలవుతాయి, సన్‌స్క్రీన్ మానకు.

నల్గొండ_శ్రీను · ఫిబ్రవరి 16, ఉదయం 11:15

నాదొక సందేహం. మనం ఏదైనా మందు బాగా ఎక్కువైనప్పుడే మొదలుపెడతాం కదా. అప్పుడు ఏం రాయకపోయినా కొన్నాళ్లకి కొంత తగ్గేదేమో. ఆ 8 తగ్గింది జెల్ వల్లేనని ఎలా చెప్పగలం?

పద్మజ_విశాఖ · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:30

మంచి ప్రశ్న శ్రీనూ. ఒక్క ముఖంతో గట్టిగా చెప్పలేం. అందుకే పరీక్షల్లో సగం మందికి మందు లేని జెల్ ఇస్తారు, వాళ్లలో కూడా కొంత తగ్గుతుంది. లహరి చేయగలిగింది ఒకటే, ఈ మూడు నెలలూ ఇంకే కొత్తదీ ముఖానికి మొదలుపెట్టకపోవడం. మధ్యలో ఒక సీరం చేరిస్తే ఏది పనిచేసిందో, ఏది పడలేదో ఎప్పటికీ తేలదు.

మహేష్_మియాపూర్ · మార్చి 2, రాత్రి 11:40

పద్మజ గారూ, డాక్టర్ గారు చూసి ఫంగస్సే అన్నారు, వేరే మందు ఇచ్చారు. మూడు వారాల్లో దురద పోయింది. గింజలు కూడా చాలా తగ్గాయి. హెల్మెట్ లోపలి గుడ్డ వారానికోసారి ఉతుకుతున్నాను. మళ్లీ వస్తుందేమోనని మాత్రం భయంగానే ఉంది.

లహరి_కృష్ణలంక · మార్చి 15, రాత్రి 9:30

పన్నెండు వారాలు. నుదురు 3, కుడి 4, ఎడమ 3, గడ్డం 2. మొత్తం 12. మూడు నెలల ఫొటోలూ, నోట్‌బుక్ పేజీ డాక్టర్ గారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, పని చేస్తోంది, ఆపకుండా కొనసాగించు, జూన్‌లో మళ్లీ ఇవే ఫొటోలు తీసుకురా అన్నారు. మచ్చలకి ఇప్పుడే వేరే ఏదీ వద్దన్నారు.

వెంకట్ గారూ, మీకొక సంగతి చెప్పాలి. ఏప్రిల్‌లో మేము ఇల్లు మారుతున్నాం. కొత్త గదిలో లైటు నెత్తి మీదే ఉంది, ఎదురు గోడకి లేదు. జూన్ ఫొటోలు పాతవాటితో పోల్చుకోవాలంటే ఏం చేయాలి?

స్టూడియో_వెంకట్ · మార్చి 16, ఉదయం 7:20

పాత గదిలో ఉన్న బల్బు ఏ కంపెనీదో, ఎన్ని వాట్లదో చూసి, వీలైతే ఆ బల్బునే తీసుకెళ్లండి. టేపు దగ్గరినుంచి లైటుకి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు అని ఇవాళే కొలిచి రాసుకోండి. కొత్త ఇంట్లో ఆ ఎత్తులో స్టాండుకి పెట్టొచ్చు. గోడ రంగు కూడా చూసుకోండి, ఆకుపచ్చ గోడ అయితే ఆ రంగు ముఖం మీద పడుతుంది. వెనక తెల్ల దుప్పటి కట్టండి. వెళ్లేలోపు పాత గదిలో చివరిసారి ఒకటి, వెళ్లిన రాత్రే కొత్త గదిలో ఒకటి తీస్తే లైటు వల్ల వచ్చిన తేడా ఎంతో తెలుస్తుంది.